ఎల్లవ్వ మాటను ఇంగ్లీషులోకి ఎలా తీసుకెళ్లాలి

తెలుగు నవలలోంచి ఓ పది పేజీలు ఇంగ్లీషులోకి చేద్దామని కూర్చుంటే వర్ణనల దగ్గర పెద్దగా ఇబ్బంది ఉండదు. ఊళ్లో మనిషి నోరు తెరిచిన చోట చెయ్యి ఆగిపోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు తెలంగాణ పల్లెలో ఉండే ఒక ముసలామె మాటల్ని విరిగిన ఇంగ్లీషులో పెట్టాను. యాస ఉంది కాబట్టి ఇంగ్లీషులో కూడా ఏదో ఒక వంకర ఉండాలనుకున్నాను. తెలుగు రాని ఒక స్నేహితురాలికి చదవమని ఇస్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఈవిడకి బుద్ధి కొంచెం మందమా?" అని. మూలంలో ఆ ముసలామె ఆ ఊరికంతటికీ తెలివైన మనిషి. ఆమె తెలివిని తీసేసింది నా అనువాదమే.

అందుకే ఇది ఎలా చేయాలో ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. ఈ ముక్క ఏ నవలలోదీ కాదు, అభ్యాసం కోసం నేను రాసుకున్నది. సిద్దిపేట వైపు ఒక పల్లె, అరవై దాటిన ఎల్లవ్వ, భూమి కాగితాల్లో పేరు తప్పు పడి ఆఫీసుకి తిరుగుతోంది.

> "సారూ, పొద్దుగాల పస్టు బస్సుకచ్చిన. నిన్న గూడ అచ్చిన. రేపు రా అంటిరి. ఇగో, రేపయింది, అచ్చిన. గా కాయితంల ఎల్లమ్మ అని వడ్డదట. నన్ను ఊరంత ఎల్లవ్వంటరు. ఎల్లవ్వయినా ఎల్లమ్మయినా గా మడిల నాటేసింది నేనే గద సారూ."
>
> "చూడమ్మా, రికార్డులో ఉన్న పేరుకీ ఆధార్‌లో ఉన్న పేరుకీ వ్యత్యాసం ఉంది. సవరణ కోసం దరఖాస్తు సమర్పించాలి."
>
> ఇంటికొచ్చాక కోడలు అడిగింది. "ఏమన్నరత్తా?"
>
> "ఏమంటడు? వాని నోట్లకెల్లి మాట గూడ కాయితమే ఎల్లుతది."
>
> "దేవుడిచ్చినా పూజారియ్యడంటరు, గిదే."

మొదట ఆ మాట ఏ ఊరిదో తేల్చుకోండి

"పల్లె భాష" అనే ఒకే భాష ఎక్కడా లేదు. శ్రీకాకుళం వైపు మాట వేరు, కడప వైపు మాట వేరు, తెలంగాణలోనే నల్లగొండకీ కరీంనగర్‌కీ తేడా ఉంది. "వచ్చిన" బదులు "అచ్చిన" అన్న ఒక్క మాటతోనే ఎల్లవ్వది కరీంనగర్, సిద్దిపేట వైపు ఊరని ఆ వైపు వాళ్లు పట్టేస్తారు. అనువాదంలో ఈ తేడా ఎలాగూ కనపడదు కదా, నాకెందుకు అనుకోకండి. ఊరు తెలియకపోతే అర్థమే తప్పుతుంది. తెలంగాణలో చాలాచోట్ల అవ్వ అంటే అమ్మ, రాయలసీమలో అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. నవల్లో ఒక పిల్లాడు "మా అవ్వ కొట్టింది" అంటే కొట్టింది ఎవరో మీరు ఇంగ్లీషులో చెప్పి తీరాలి, తెలుగులోలాగా అస్పష్టంగా వదిలేయడానికి కుదరదు.

పనిముట్ల పేర్లు, పొలం పనుల పేర్లు వచ్చినప్పుడు భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం దగ్గర పెట్టుకోండి. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది, ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో కూడా అందులో ఉంటుంది. చేనేత మాటలకి ఇంకో సంపుటం ఉంది. తెలంగాణ మాటలకైతే నలిమెల భాస్కర్ గారి తెలంగాణ పదకోశం. వీటిలో దొరకని మాటకి ఆ వైపు మనిషికి ఫోన్ చేయడమే దారి. "ఈ మాటకి అర్థం ఏంటి" అని అడగొద్దు, "ఈ మాట మీ ఇంట్లో ఎవరు ఎవరితో ఎప్పుడంటారు" అని అడగండి. మొదటి ప్రశ్నకి ఒక పర్యాయపదం చెప్పి ఊరుకుంటారు, రెండో ప్రశ్నకి ఒక సంఘటన చెబుతారు.

ఆ మాటలో తప్పు లేదని వ్యాకరణంతో రుజువు చేసుకోండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. "నేను అచ్చిన" అన్నది చూడగానే పత్రికల తెలుగుకి అలవాటు పడ్డ కంటికి చివర "ను" ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. వచ్చాను అనాల్సింది సగంలో ఆపేసినట్టు. ఇక ఇంగ్లీషులో కూడా మనకి తెలియకుండానే ఏదో ఒకటి ఎగరగొడతాం, "ఐ కమ్ ఫస్ట్ బస్, యెస్టర్డే ఆల్సో కమ్" అని. (ఇంగ్లీషు వాక్యాల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే పెడుతున్నాను, పైకి చదివితే ఆ మనిషి గొంతు ఎలా వినిపిస్తుందో తెలుస్తుంది.)

కానీ ఒక కాగితం మీద ఆ క్రియని పూర్తిగా రాసి చూడండి. నేను వచ్చిన, నువ్వు వచ్చినవ్, వాడు వచ్చిండు, ఆమె వచ్చింది, మేము వచ్చినం, వాళ్లు వచ్చిన్రు. ఆరు రూపాలు, ఒకదానితో ఒకటి కలవకుండా, ఎవరి గురించో స్పష్టంగా చెబుతున్నాయి. ఇందులో విరిగింది ఏదీ లేదు. ఎల్లవ్వ తన భాషలో ఒక్క తప్పు కూడా చేయలేదు. అలాంటప్పుడు ఇంగ్లీషులో ఆమె చేత తప్పులు చేయిస్తే అది అనువాదం కాదు, ఆమె మీద మనం వేసిన నింద. "గా కాయితం", "గిదే" లాంటివి కూడా అంతే, ఆ, ఇదే అని చెప్పే మామూలు మాటలు. వాటికి ఇంగ్లీషులో ప్రత్యేకమైన ముద్ర అవసరం లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. చాలా ఏళ్లపాటు మన సినిమాల్లో తెలంగాణ యాస, శ్రీకాకుళం యాస ఎక్కువగా కమెడియన్‌కో విలన్‌కో దక్కాయి. హీరో మాట్లాడింది వేరే తెలుగు. అవి చూస్తూ పెరిగిన మన చెవికి ఆ యాస వినగానే నవ్వు రావడం అలవాటైపోయింది. చదువుతున్నప్పుడు ఒక వాక్యం దగ్గర నవ్వొస్తే ఆగి చూడండి, మాటలో ఉన్న చమత్కారానికి నవ్వొచ్చిందా, మాట తీరుకా అని. చమత్కారమైతే దాన్ని ఇంగ్లీషులోకి తేవాలి. తీరుకైతే ఆ నవ్వు మీది, రచయితది కాదు.

తేడా ఎక్కడుందో గీత గీయండి

నా ఉద్దేశంలో అసలు పనంతా ఇక్కడే ఉంది. యాసకి దానంతట అదిగా అర్థం ఉండదు, పక్కన ఇంకో రకం మాట ఉన్నప్పుడే దాని బరువు తెలుస్తుంది. ఎల్లవ్వా కోడలూ ఇంట్లో మాట్లాడుకుంటున్నప్పుడు వాళ్లిద్దరికీ యాస అనేదే లేదు, అది వాళ్ల మాట, అంతే. ఆఫీసులో గుమాస్తా "వ్యత్యాసం", "సమర్పించాలి" అన్నప్పుడే ఒక గోడ లేస్తుంది.

కాబట్టి మూలం ప్రింటు తీసుకుని రెండు రంగుల పెన్నులతో కూర్చోండి. ఒక రంగుతో ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ తేడా వచ్చిన చోట, రెండో రంగుతో ఒకే మనిషి మాట మారిన చోట గీత గీయండి. పై ముక్కలో మొదటి రంగు గుమాస్తా వాక్యం మీద పడుతుంది. రెండో రంగు ఎల్లవ్వ మీద. ఎదురుగా ఉన్నంతసేపూ "సారూ", "అంటిరి". ఇంటికి రాగానే "ఏమంటడు", "వాని నోట్లకెల్లి". రెండు గంటల తేడాలో గౌరవం మొత్తం పోయింది, ఆమె ఏం అనుకుంటోందో మనకి తెలిసింది అక్కడే. ఈ రెండు గీతలూ ఇంగ్లీషులోకి దాటితే మిగతాది పోయినా ఫరవాలేదు. ఇవి పోతే ఎంత యాస పెట్టినా లాభం లేదు.

ఇంకోటి గమనించండి. "రేపు రా అంటిరి" అన్నప్పుడు "రా" గుమాస్తా అన్న మాట, "అంటిరి" ఈమె ఇచ్చిన గౌరవం. తన కన్నా పెద్దామెని అతను ఏకవచనంలో పిలిచాడు, ఆమె బహువచనంలో ఒప్పజెబుతోంది. ఇంగ్లీషులో "యూ" ఒక్కటే ఉంది కాబట్టి ఇది నేరుగా దాటదు. గుర్తు పెట్టుకుని పక్కన రాసుకోండి, దీన్ని ఇంకో చోట తీర్చాలి.

ముందు నిటారుగా ఉన్న ఇంగ్లీషులో పెట్టండి, తర్వాత గుమాస్తాని బిగించండి

మొదటి చిత్తులో ఎల్లవ్వకి తప్పుల్లేని, చిన్న చిన్న మాటలతో ఉన్న ఇంగ్లీషు ఇవ్వండి. అక్షరాలు ఎగరగొట్టడం, వంకర స్పెల్లింగులు, "ఎయింట్" లాంటివి ఒక్కటీ వద్దు. ఇంగ్లీషులో అలాంటి ప్రతి గుర్తుకీ ఇప్పటికే ఒక ఊరు ఉంది. "ఐ డన్ టోల్డ్ యూ" అంటే చదివేవాడి కళ్ల ముందుకి అమెరికా దక్షిణాది వస్తుంది, "గవ్నర్" అంటే లండన్ వస్తుంది, సిద్దిపేట మాత్రం రాదు. ఇండియన్ ఇంగ్లీషు నకలు కూడా అంతే ప్రమాదం, "ఐ యామ్ కమింగ్ యెస్టర్డే ఆల్సో, నో?" అంటే అది ఇంగ్లీషు సరిగ్గా రాని మనిషి మాట అవుతుంది. ఎల్లవ్వ అసలు ఇంగ్లీషు మాట్లాడటం లేదు కదా.

నా చిత్తు ఇలా వచ్చింది.

> "ఐ కేమ్ బై ద ఫస్ట్ బస్, సర్. ఐ కేమ్ యెస్టర్డే టూ. కమ్ టుమారో, యూ సెడ్. వెల్, ఇట్స్ టుమారో. హియర్ ఐ యామ్."

మూలంలో వాక్యాలు పొట్టివి, "అచ్చిన" మూడుసార్లు వస్తుంది, మూడోసారి దెబ్బ కొడుతుంది. ఇంగ్లీషులో "కేమ్" రెండుసార్లు పెట్టి మూడోసారి "హియర్ ఐ యామ్" అన్నాను, దెబ్బ అక్కడ పడాలి కాబట్టి. యాసలోని "ఇగో", "గద" లాంటి చిన్న మాటలకి ఒక్కొక్క ఇంగ్లీషు మాట వెతకొద్దు. "గద" వచ్చిన ప్రతిసారీ "ఈజింట్ ఇట్" పెడితే నాలుగు పేజీల్లో విసుగొస్తుంది. ఆ మాట అక్కడ ఏం పని చేస్తోందో చూడండి. ఇక్కడ "గద" అవతలివాడు కాదనలేని విషయాన్ని ముందు పెడుతోంది. ఇంగ్లీషులో ఆ పనిని వాక్యం కట్టే తీరు చేస్తుంది.

ఇప్పుడు గుమాస్తా. అందరూ ఎల్లవ్వ మాటకి ముద్ర వేయాలని చూస్తారు, ముద్ర వేయాల్సింది ఇతని మాటకి. ఊరంతా ఒకలా మాట్లాడుతుంటే భిన్నంగా మాట్లాడేది ఇతనే. "లుక్ హియర్. ద నేమ్ యాజ్ రికార్డెడ్ ఈజ్ ఎట్ వేరియన్స్ విత్ ద ఆధార్. యాన్ అప్లికేషన్ ఫర్ కరెక్షన్ ఈజ్ టు బి సబ్మిటెడ్." ఎవరు సమర్పించాలో కూడా ఆ వాక్యంలో లేదు, మనిషి లేని వాక్యం అది. ఆమెని ఏకవచనంలో పిలిచిన అగౌరవాన్ని నేను ఇక్కడ తీర్చాను. "చూడమ్మా" లోని అమ్మని కూడా తీసేశాను, "లుక్ హియర్" అని మాత్రం ఉంచాను. తెలుగులో ఆ "అమ్మా" మర్యాదలా కనిపించే దూరం, ఇంగ్లీషులో "మదర్" అంటే అది ప్రేమ అయిపోతుంది.

ఇలా చేశాక చదివితే ఎల్లవ్వ సహజంగా వినిపిస్తుంది, గుమాస్తా వింతగా వినిపిస్తాడు. మూలంలో ఊరివాళ్లకి వినిపించేది కూడా అలాగే.

తర్వాత ఒక్కొక్క మాట దగ్గర ఆగండి

"సారూ" అన్న పిలుపుని "సార్" అని సాగదీసి ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలనిపిస్తుంది. రాయొద్దు. ఆ స్పెల్లింగుని ఇప్పుడు ఇంటర్నెట్‌లో భారతీయుల్ని వెక్కిరించడానికి విరివిగా వాడుతున్నారు, మీ ఉద్దేశం ఏదైనా చదివేవాడికి ఆ వెక్కిరింతే వినిపిస్తుంది. "సర్" చాలు. "పస్టు బస్సు" కూడా "ఫస్ట్ బస్" అనే రాయాలి. ఇంగ్లీషు మాట ఆమె నోట్లో తెలుగై కూర్చుంది, దాన్ని మళ్లీ ఇంగ్లీషులో వంకరగా రాస్తే ఆమె పలకలేకపోయినట్టు అవుతుంది.

"నాటేసింది" దగ్గర నేను చాలాసేపు ఆగాను. "ప్లాంటెడ్" అంటే విత్తనం చల్లినా అదే, మామిడి మొక్క పెట్టినా అదే. "ట్రాన్స్‌ప్లాంటెడ్" అంటే వ్యవసాయ శాఖ కరపత్రం. నాటు అంటే నారు పీకి, కట్టలు కట్టి, బురద మడిలో వంగి ఒక్కొక్క మొలక గుచ్చడం, ఊళ్లో అది ఆడవాళ్ల పని. ఆమె "దున్నింది నేనే" అనలేదు, నాగలి మగవాళ్లు పట్టేది. "హూ డు యూ థింక్ సెట్ ద సీడ్లింగ్స్ ఇన్ దట్ మడ్? ఎల్లవ్వ ఆర్ ఎల్లమ్మ, ఇట్ వాజ్ దీజ్ హ్యాండ్స్." అన్నాను. చేతులు మూలంలో లేవు, నాటు అన్న మాటలోనే ఉన్నాయి. మూలంలో మాట లోపల దాగి ఉన్నదాన్ని ఇలా బయటికి తీయడం తప్పు కాదు, లేనిదాన్ని కలపడం తప్పు. ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఊళ్లో పొలం చేసిన మనిషిని అడిగితే చెబుతారు.

కోడలి సామెతకి బదులుగా ఇంగ్లీషు సామెత వెతకొద్దు. దేవుడు, పూజారి అలాగే ఉండాలి, ఆఫీసుకీ గుడికీ ఆమె వేసిన పోలిక అది. అయితే సామెతని పూర్తిగా వివరించినట్టు రాస్తే కోడలు ఉపన్యాసం ఇచ్చినట్టుంటుంది. ఊళ్లో సామెతని సగం చెప్పి వదిలేస్తారు. "సో ద గాడ్ హాజ్ సెడ్ యెస్. ఇట్స్ ద ప్రీస్ట్ హూ వోంట్." ఇది సామెత అని తెలియకపోయినా అర్థమవుతుంది, అది చాలు.

ఎల్లవ్వ జవాబు మాత్రం దాదాపు దానంతట అదే దాటింది. "వాట్ వుడ్ హి సే? దట్ వన్ ఓపెన్స్ హిజ్ మౌత్ అండ్ పేపర్ కమ్స్ అవుట్." ఆఫీసులో "సర్" అన్న మనిషే ఇక్కడ "దట్ వన్" అంటోంది, రెండో రంగు గీత దాటేసింది. మంచి మాటకి యాస సాయం అక్కర్లేదని ఇలాంటి వాక్యాల దగ్గర తెలుస్తుంది.

తిట్లు వచ్చినప్పుడు ముందు ఇద్దరి మధ్య సంబంధం చూడండి. "నీ నోట్ల మన్నువడ" అని అమ్మ కొడుకుని ముద్దుగా అంటుంది, పక్కింటావిడ కోపంగా అంటుంది. "డర్ట్ ఇన్ యువర్ మౌత్" అన్న మాట రెండు చోట్లా పనికొస్తుంది, కానీ ముద్దు అయిన చోట ముందో వెనకో ఒక పని పెట్టండి, అన్నం కలిపి పెడుతూ అందనో, నవ్వుతూ తల తిప్పుకుందనో మూలంలో తప్పకుండా ఏదో ఉంటుంది. దాన్ని మాటకి దగ్గరగా జరపండి.

ఇద్దరికి చదివి వినిపించండి

ఒకరు ఆ ప్రాంతం మనిషి, ఇంకొకరు తెలుగు రాని మనిషి. మొదటివారికి మూలం మీరే పైకి చదవండి, తర్వాత ఇంగ్లీషు చెప్పండి. "ఆమె అట్ల అనది" అని ఎక్కడంటే అక్కడ గుర్తు పెట్టుకోండి. రెండోవారికి మూలం గురించి ఏమీ చెప్పకుండా ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. ఈమె వయసెంత ఉండొచ్చు, ఈ ఆఫీసులో ఎవరు తెలివైనవాళ్లు, ఎవరి మీద మీకు నవ్వొచ్చింది. చదువు రానిది, అమాయకురాలు అన్న మాటలు వస్తే ఎక్కడో పాత అలవాటు మిగిలిపోయింది, వెతకండి. నాకు చాలాసార్లు అది ఒక్క అనవసరమైన స్పెల్లింగులోనో, ఎగిరిపోయిన ఒక్క "ద" లోనో దొరికింది.

ఈ పద్ధతి పనిచేయని చోటు ఒకటుంది. రెండు యాసలు ఎదురెదురుగా నిలబడి, ఒకే మాటకి చెరో అర్థం ఉండటమే కథ అయినప్పుడు, అంటే రాయలసీమ పిల్లాడు "అవ్వ" అంటే తెలంగాణ పక్కింటివాళ్లు వాళ్లమ్మ అనుకోవడం లాంటివి. దానికి ఇంగ్లీషులో జోడీ యాసలు వెతికి, ఒకరికి స్కాట్లాండూ ఇంకొకరికి లండనూ ఇస్తే ఇద్దరూ పరాయివాళ్లవుతారు. అక్కడ ఆ తెలుగు మాటని అలాగే ఉంచి, కథకుడి వాక్యంలో ఒక్క ముక్క కలపడం మేలు, వాళ్ల ఊళ్లో అవ్వంటే నాయనమ్మ అని. ఫుట్‌నోట్ పెట్టొద్దు, పాఠకుడు కిందికి వెళ్లి వచ్చేలోపు సందర్భం చల్లారిపోతుంది.

చివరగా, ఎడిటర్‌కి పంపేటప్పుడు పైన నాలుగు వాక్యాల నోట్ తప్పకుండా పెట్టండి. తెలుగు మాటల్ని ఇటాలిక్స్‌లో పెట్టొద్దని, గుమాస్తా వాక్యాలు కావాలనే బిగుసుగా ఉన్నాయి కాబట్టి సాఫీ చేయొద్దని, ఎల్లవ్వ పొట్టి వాక్యాల్ని కలపొద్దని రాయండి. అన్నిటికన్నా ముందు పేరు సంగతి రాయండి. ఎల్లవ్వ, ఎల్లమ్మ అని రెండు రకాలుగా కనపడితే కాపీ ఎడిటర్ దాన్ని మన పొరపాటు అనుకుని మంచి మనసుతోనే మొత్తం ఒకేలా మార్చేస్తారు. అప్పుడు ఎల్లవ్వ ఆఫీసుకి ఎందుకొచ్చిందో ఆ కథలో ఎవరికీ అర్థం కాదు.